సొంము అని ఉన్నచోట సొంత అని చదివాను: ఒక పాత ఉత్తరాన్ని ఎత్తిరాసిన అనుభవం

నాతో కలిసి పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు కిందటి వేసవిలో నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. అది వాళ్ల అత్తగారింట్లో, అచ్చంపేట దగ్గరి ఒక పల్లెలో, చాలా ఏండ్లుగా తీగకు గుచ్చి ఉన్న ఉత్తరాల కట్టలో దొరికిన ఇన్‌లాండ్ లెటర్. ఆ అత్తగారి తండ్రి నందికొండ ప్రాజెక్టు పనికి పోయి, అక్కడి నుంచి తన అన్నకు రాయించి పంపిన ఉత్తరమది. ఆయనకు చదువు రాదు కాబట్టి పనిచోట అక్షరం వచ్చినవాళ్లెవరో రాసిపెట్టారు. "అత్తమ్మకు అందులో ఏముందో తెలుసుకోవాలని ఉంది సార్, మీరు చదివి టైపు చేసి ఇస్తే ఇంట్లో అందరికీ ఉంటుంది" అన్నాడు. నల్లగొండలో ముప్పై ఏండ్లకు పైగా తెలుగు చెప్పినవాణ్ని, ఇరవై రెండు వరుసల ఉత్తరం ఒక సాయంత్రం పని అనుకున్నాను. అది పూర్తి కావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఎక్కువ భాగం చదవడానికి కాక, చదివానని తొందరపడి అనుకున్నదాన్ని వెనక్కు తీసుకోవడానికే పోయింది.

మొదటి ఫోటో పనికి రాలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించబడి వస్తుంది, పెద్దది చేసి చూస్తే అక్షరాల అంచులు గళ్లు గళ్లుగా విడిపోతాయి, అప్పుడు మ కు వు కు మధ్య ఉన్న తేడా, ప కు వ కు మధ్య ఉన్న తేడా కంటికి అందవు. అందువల్ల ఫోటోను డాక్యుమెంట్ రూపంలో పంపమని, ఫ్లాష్ లేకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయమని, ఫోను కాగితానికి సరిగ్గా పైన ఉండేలా పట్టుకొమ్మని, మొత్తం కాగితం ఒకసారి, తర్వాత ఒక్కో మడత భాగాన్ని దగ్గరగా, ఒకదాని అంచు మరొకదానిలో కలిసేలా తీయమని చెప్పాను. వెనుకవైపు కూడా రాత ఉందని తెలిసి దాన్ని కూడా అడిగాను. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటుంది. వెనుకవైపు మొత్తం తీయమనకుండా "రాత ఉన్నచోటు తీయండి" అన్నాను. ఆయన అలాగే, ఐదు వరుసల రాత ఉన్న చివరి మడతను మాత్రమే తీసి పంపాడు. చిరునామా ఉన్న భాగం నాకు అందలేదు. ఆ భాగంతో నాకేమి పని అనుకున్నాను.

మరొక జాగ్రత్త మాత్రం తీసుకున్నాను, కానీ ఆలస్యంగా. ఫోటోలతో పాటు ఆయన ఫోనులో కొంత కథ కూడా చెప్పబోయాడు. "అన్నకు యాభై రూపాయలు పంపినట్టు అందులో ఉంటుందట సార్" అనేంతవరకు విన్న తర్వాతే, మిగిలింది నేను చదవడం అయిపోయాక చెప్పమన్నాను. ఒకసారి చెవిన పడిన మాటను కన్ను వెతుకుతుంది. అస్పష్టమైన గీత ఏది కనిపించినా అది ఆ మాటకు తగినట్టుగా కనిపించడం మొదలవుతుంది. ఆ ఒక్క యాభై నన్ను చివరిదాకా ఇబ్బంది పెట్టింది.

ఉత్తరం రాసిన చేతి గురించి కొంత చెప్పాలి. పాళీ కలంతో, నీలి సిరాతో, గుండ్రటి పెద్ద అక్షరాలు. మాటల మధ్య ఖాళీ దాదాపు లేదు. వరుస చివరికి వచ్చినప్పుడు మాట ఎక్కడ ఆగితే అక్కడ తెంచి, ఏ గుర్తూ పెట్టకుండా కింది వరుసలో కొనసాగించాడు. నిజాం కాలంలో సర్కారు బడుల్లో ఉర్దూ నడిచేది, తెలుగు నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఊళ్లోని ఖాన్గీ బడిలో పంతులు దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఇది అలాంటి చేయి అని నాకు అనిపించింది. అంకెలు తెలుగువే వేశాడు. ఒక అనే మాటను వొక అని, ఉభయ అనే మాటను వుభయ అని, ఇక్కడ అనే మాటను యిక్కడ అని రాశాడు. అన్న అనేచోట అంన అని రాశాడు. ఒత్తు పెట్టవలసిన న కు, మ కు ముందు సున్న పెట్టి ఒత్తు మానేయడం పాత రాతల్లో తరచుగా కనిపించే పద్ధతే, అందులో వింత లేదు. దీన్ని నేను ఎన్నోచోట్ల చూశాను. అయినా మొదటి రోజు సాయంత్రం నేను టైపు చేసిన కాగితంలో అన్న అనే ఉంది, తమ్ముడు అనే ఉంది. కన్ను అంన అని చూసింది, చేయి అన్న అని కొట్టింది. ముప్పై ఏండ్లు పిల్లల నోటు పుస్తకాలు దిద్దిన చేయి అది.

చేతిదొక్కటే కాదు, కీబోర్డుదీ తప్పుంది. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతిలో టైపు చేస్తున్నాను. అది తనకు తెలిసిన మాటలనే ముందుకు తెస్తుంది. వుభయ అని రావలసినచోట ఉభయ అని పెట్టి, నేను గమనించేలోగా ముందుకు పోయింది. ఇలాంటి పనికి ఆ పద్ధతి తగదని తెలుసుకొని కంప్యూటరులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నాను. అందులో గుణింతం, ఒత్తు, సున్న దేనికదే విడిగా నొక్కాలి, యంత్రం తనంతట తాను ఏదీ సూచించదు. నెమ్మదిగా సాగుతుంది. ఆ నెమ్మదే ఇక్కడ కావలసింది, ఎందుకంటే ఒక్కో గుర్తు నొక్కే ముందు అది కాగితం మీద ఉన్నదో లేదో చూడక తప్పదు.

అప్పుడు పద్ధతి రాసుకున్నాను. వరుసకు వరుస అలాగే ఉంచాలి, పక్కన వరుస సంఖ్య వేయాలి. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పెట్టాలి. మాటలు కలిసి ఉంటే కలిపే ఉంచాలి. నావైన గుర్తులన్నీ చదరపు బ్రాకెట్లలోనే ఉండాలి, ఎందుకంటే ఉత్తరం రాసినాయన ఒకచోట గుండ్రటి బ్రాకెట్లు వాడాడు. చదివాను గాని నమ్మకం చాలలేదనుకున్న అక్షరం తర్వాత ప్రశ్న గుర్తు. సిరా ఉంది గాని నాకు చదవరాలేదంటే [అస్పష్టం], ఎన్ని అక్షరాల మేరకో దాని పక్కనే. కాగితమే లేకపోతే [చిరిగినది]. ఈ చివరి రెండింటినీ వేరుగా ఉంచడం అవసరం. అస్పష్టం అని రాసినదాన్ని నాకంటే మంచి కన్ను ఉన్నవాళ్లో, మంచి ఫోటో ఉన్నవాళ్లో రేపు చదవవచ్చు. కాగితం లేనిచోట ఎవరు ఎంత చూసినా చదవడానికి ఏమీ లేదు. రెండింటికీ ఒకే చుక్కలు పెడితే, తర్వాత వచ్చేవారికి ఎక్కడ ప్రయత్నించాలో తెలియదు.

రెండో వరుస తేదీ. అందులో ఒకే ఆకారం రెండుచోట్ల ఉంది. మాగ తర్వాత ౯ లాంటి గుర్తు, ఆ తర్వాత శిర, ఆ తర్వాత శు, మళ్లీ ౯. మొదటిది అంకె కాదు, వలపల గిలక. పాత రాతలో గ కు ముందున్న ర్ ను గ తర్వాత ఇలా గుర్తుగా పెట్టేవాళ్లు. రెండోది నిజంగానే తొమ్మిది, శుద్ధ నవమి. చూడటానికి రెండూ ఒకటే కాబట్టి, ఉన్నది ఉన్నట్టు అనే మాటను పట్టుకొని మొదటిచోట కూడా ౯ అంకెనే కొట్టవచ్చు, అలా కొట్టినవాళ్లను చూశాను. కానీ అది ఆకారాన్ని నిలిపి అక్షరాన్ని పోగొట్టడమే. అలా చేస్తే ఆ మాట వెతికితే దొరకదు, గట్టిగా చదివించుకుంటే మాగ తొమ్మిది శిర అవుతుంది. గిలక అనేది ర్ ను రాసే ఒక తీరు మాత్రమే, వేరే వర్ణక్రమం కాదు. అందువల్ల మార్గశిర అని కొట్టి, కింద "మూలంలో వలపల గిలక" అని రాశాను. అంన విషయం ఇలాంటిది కాదు. అక్కడ రాసినాయన ఎంచుకున్న అక్షరాలే వేరు, కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ప్రతి ఎత్తిరాతలోనూ తేల్చుకోవలసిందే. నేను గీసిన చోటు ఇది.

సంవత్సరం పేరు హేవళంబి అని ఉంది. హేవిళంబి అని దిద్దలేదు. ఆ సంవత్సరం 1957 ఉగాదికి మొదలైంది, కాబట్టి మార్గశిర శుద్ధ నవమి 1957 నవంబరు, డిసెంబరు కలిసే రోజుల్లో వస్తుంది. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు, పాలమూరు కూలీలు గుంపులుగా ఆ పనికి పోయిన కాలం అది. ఈ లెక్క ఎత్తిరాతలో లేదు, కింది వివరణలో ఉంది. పదకొండో వరుసలో ప్రాజెక్టును ప్రాజకట్టు అని రాశాడు. కట్ట కట్టే పనిచోట ఆ మాట ఆయన చెవికి అలా వినిపించిందేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దిద్ది ఉంటే ఆ అవకాశమే పోయేది. ఆ వరుస మధ్యలోనే తీగ గుచ్చిన గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ తుప్పు మరక ఉన్నాయి. అదృష్టవశాత్తు అది రెండు మాటల నడుమ పడింది.

ఇక నేను తప్పు చదివిన చోటు. ఆరో వరుస సరిగ్గా మడత మీద పడింది. కాగితం మడతపెట్టి తీసి, మడతపెట్టి తీసి, ఆ వరుస చివరి భాగంలో సిరా అరిగిపోయింది. దాని కింద ఏడు, ఎనిమిది వరుసల మొదట్లో, ఎడమ అంచు నుంచి లోపలికి, బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దగా కాగితం లేదు. మొదటి సాయంత్రం నేను ఇలా రాశాను:

6  క్షేమం వ్రాయగలరు మీరు అడిగిన సొంత
7  ఖర్చులకు 50 రూపాయలు మేస్త్రి చేత పంపినాను
8  అందినది లేనిది జాబు వ్రాయవలెను

చదివితే ఎంత హాయిగా సాగుతుందో చూడండి. ఇందులో ఖర్చులకు అనేది కాగితం మీద లేదు. యాభైలోని ఐదు కాగితం మీద లేదు. అంది అనేది కాగితం మీద లేదు. సొంతలోని త సిరా అరిగినచోట నేను ఊహించింది. ముందు సొం అని కనిపించింది, తర్వాత రూపాయలు అని ఉంది, చెవిలో యాభై ఉంది. సొంత అనుకోగానే దాని తర్వాత ఖర్చులకు అని ఉండాలనిపించింది, ఖర్చులకు అనుకోగానే సొంత అన్నది మరింత నిజమనిపించింది. ఒక ఊహ మరో ఊహకు సాక్ష్యం చెప్పింది. ఆ రాత్రి నాకు ఏ అనుమానమూ రాలేదు, అదే ఇందులో భయపడవలసిన సంగతి.

రెండో రోజు పద్ధతి ప్రకారం మొదటి నుంచి మళ్లీ టైపు చేస్తూ అంన, తంముడు, మళ్లీ అంన అని ఉన్నవి ఉన్నట్టు కొట్టాను. ఆరో వరుసకు వచ్చేసరికి సొం దగ్గర చేయి ఆగింది. ఈ చేయి ఒత్తు మ రాయవలసినచోట సున్న, దాని తర్వాత ఒంటి మ పెడుతుంది. తమ్ముడు తంముడు అయినట్టే, సొమ్ము రాయవలసి వస్తే సొంము అని రాస్తుంది. మీరు అడిగిన సొమ్ము. ఫోటో పెద్దది చేసి చూస్తే అరిగినచోట అక్షరం పైభాగం పోయింది, కానీ కుడివైపు పైకి లేచి వంగిన కొమ్ము తోక మిగిలి ఉంది. త కు అలాంటి తోక ఉండే వీలు లేదు. మొదటి రోజు కూడా ఆ తోక అక్కడే ఉంది. దాన్ని కాగితం ముడత అనుకొని వదిలేశాను. నేను మొదట దిద్దినట్టే అన్న, తమ్ముడు అని ఉంచి ఉంటే, సొంము అనే మాట ఉండవచ్చని నాకు తోచడానికి ఆధారమే లేకుండా పోయేది.

అయినా పూర్తి నమ్మకంతో సొంము అని రాయలేదు. మ అని చెప్పగలిగింది ఈ చేతి అలవాటును బట్టి, కొమ్మును బట్టి, అంతేగాని ఆ అక్షరాన్ని చూసి కాదు. కాబట్టి ఇప్పుడు ఆ మూడు వరుసలు ఇలా ఉన్నాయి:

6  క్షేమంవ్రాయగలరు మీరుఅడిగిన సొం[ము?]
7  [చిరిగినది]౦ రూపాయలు మేస్త్రిచేతపంపినాను
8  [చిరిగినది]నదిలేనిది జాబువ్రాయవలెను

ఏడో వరుసలో సున్న ఒక్కటే మిగిలింది. దాని ముందు ఒక అంకె ఉందో రెండున్నాయో కూడా కాగితం చెప్పదు. ఎనిమిదో వరుసలో అందినది అన్నా సరిపోతుంది, చేరినది అన్నా సరిపోతుంది. అర్థం ఒకటే కదా, ఏదో ఒకటి పెడితే ఏమిటని ఫోనులో ఆయన అడిగాడు. అర్థం ఒకటే అయినప్పుడు నింపవలసిన అవసరమూ లేదని, ఆ మాట ఆయన తాతది కాకుండా నాది అవుతుందని చెప్పాను. ఉత్తరాన్ని హాయిగా చదువుకోవడానికి వేరే ప్రతి చేసి ఇస్తానని, అందులో నేటి వర్ణక్రమం, మాటల మధ్య ఖాళీలు, నా ఊహలు వాలు అక్షరాలలో ఉంటాయని, రెండింటినీ ఎప్పుడూ కలపవద్దని కూడా చెప్పాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది పద్నాలుగో వరుస. పదమూడో వరుస చివర యెడ్ల అని ఉంది. పద్నాలుగులో మొదట నీళ్ల మరకలో సిరా పాకిపోయి సుమారు మూడు అక్షరాలు ముద్దగా ఉన్నాయి. వాటి తర్వాత అంమవద్దు అని కనిపించింది. అమ్మవద్దు, అంటే యెడ్లను అమ్మవద్దని అన్నకు చెప్పడం. కానీ చివరి కొమ్ము లేకపోతే అది అంమవద్ద అవుతుంది, అంటే అమ్మ దగ్గర. ఒక్క తోకతో యెడ్లను అమ్మడం మానడమా, ఇంకేదో అమ్మ దగ్గర ఉంచడమా అన్నంత తేడా వస్తుంది. మాటల మధ్య ఖాళీ లేని రాతలో నేను అంమ వద్ద అని విడదీసి రాసినా, అంమవద్దు అని కలిపి రాసినా తీర్పు చెప్పినట్టే. అందుకే ఖాళీల విషయంలో కూడా మూలాన్ని అంటిపెట్టుకున్నాను.

ఆ కొమ్ము మీద అనుమానం రావడానికి కారణముంది. ఇన్‌లాండ్ లెటర్ కాగితం పలుచన. ఆ వరుస ఉన్న మడతకు వెనుకవైపు ఐదు వరుసల రాత ఉంది, దాని సిరా ఇటువైపు లేతగా కనిపిస్తుంది. అటువైపు గీత ఇటువైపు వచ్చి కొమ్ములాగో ఒత్తులాగో కనిపించవచ్చు. వెనుకవైపు ఫోటోను కంప్యూటరులో కుడి ఎడమలు తారుమారు చేసి, మడత అంచులను ఆనవాలుగా పెట్టుకొని ముందువైపు ఫోటో పక్కన ఉంచి చూశాను. అనుమానించినట్టే, సరిగ్గా ఆ కొమ్ము ఉన్నచోట వెనుక ఒక ల తాలూకు వంపు ఉంది. అంతకుముందు నేను ఒత్తులనుకున్న రెండు లేత గీతలు కూడా వెనుకవైపువే అని అప్పుడే తేలింది.

ఆ రోజు ఆ మాటను అంమవద్ద[ు?] అని గుర్తుపెట్టి వదిలేశాను. తర్వాత తోచింది, పాళీ కలం గట్టిగా నొక్కి రాసినప్పుడు కాగితంలో గాడి పడుతుంది. వెనుకనుంచి కనిపించే సిరాకు ఇటువైపు గాడి ఉండదు, ఉంటే ఉబ్బు ఉంటుంది. గది చీకటి చేసి, టార్చిని కాగితానికి పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి పట్టుకొని, ఆ ఒక్క వరుసను ఫోటో తీయమన్నాను. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి పైనుంచి. రెండు ఫోటోలలోనూ ద్ద కుడివైపు చిన్న గాడి, నీడతో సహా, స్పష్టంగా ఉంది. లేత వంపు వెనుకవైపుదే, కానీ దాని మొదట్లోని ముదురు ముక్క ఇటువైపు కొమ్ముది. ప్రశ్న గుర్తు తీసేసి అంమవద్దు అని రాశాను. ఒక గుర్తును తీసేయడానికి ఇంత ఆధారం ఉండాలని, ఎలా తీసేశానో కింద రాయాలని అనుకున్నాను, రాశాను.

ఆ పక్క వెలుతురు మరకలోని మూడు అక్షరాలకు సాయపడలేదు. తడిసిన కాగితం గాడులను కూడా పోగొడుతుంది. యెడ్ల తర్వాత జతను అని ఉండవచ్చు, బండిని అని ఉండవచ్చు, నాకు తెలియని మరో మాట ఉండవచ్చు. [అస్పష్టం, సుమారు 3 అక్షరాలు] అని ఉంచాను.

ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో ఉన్న నా పాత మిత్రుడికి ఫోటోలు మాత్రమే పంపాను. నా ఎత్తిరాత పంపలేదు, కథ చెప్పలేదు. ఆయన తనంతట తాను చదివి పంపినదాన్ని నాదానితో అక్షరం అక్షరం పోల్చితే తొమ్మిది చోట్ల తేడా వచ్చింది. ఐదు చోట్ల ఆయన నేను మొదటి రోజు చేసినట్టే మూలాన్ని దిద్దాడు, ఫోటో చూపిస్తే ఒప్పుకున్నాడు. రెండు చోట్ల తప్పు నాది. అందులో ఒకటి నేను పుట్టి అని చదివినది, నిజానికి వుట్టి. పద్దెనిమిదో వరుసలో వుట్టిచేతులతో అని ఉంది, ఒట్టి చేతులతో అని అర్థం. ఈ చేయి ప కు తలకట్టు విడిగా పెడుతుందన్న సంగతిని, ముందే తయారు చేసుకున్న అక్షరాల పట్టికలో నేనే రాసుకొని కూడా, ఆ ఒక్కచోట చూడలేదు. మిగిలిన రెండు చోట్ల ఇద్దరికీ కుదరలేదు, అక్కడ ఇద్దరి చదువూ ఇచ్చి ప్రశ్న గుర్తు పెట్టాను. ఆయన కూడా యెడ్ల తర్వాత ఏముందో చెప్పలేకపోయాడు. ఏడో వరుసలో అంకె గురించి ఏమీ రాయలేదు, సున్న ముందు గీత గీసి వదిలేశాడు. నేను వినిపించి ఉంటే ఆయన కూడా యాభై చూసేవాడేమో.

పంపే ముందు చివరిసారి ఒక పని చేశాను. ఫోటోలో అంన అనే మాట ఎన్నిచోట్ల ఉందో వేలితో లెక్కపెట్టాను, నాలుగు. నా ఫైలులో వెతికితే మూడే వచ్చాయి. నాలుగోది పదహారో వరుసలో అన్న అయి కూర్చుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక్కో అక్షరం చూసి కొట్టినా, ఎక్కడో అలవాటు గెలిచింది. అలాగే వుంది, యిక్కడ, వొక అనే మాటలకు నేటి రూపాలు వెతికి చూశాను. ఇంకొకటి దొరికింది.

ఎత్తిరాత ఒక ఫైలు, చదువుకునే ప్రతి ఒక ఫైలు, ఫోటోలు వేరుగా, అన్నీ పంపాను. యాభై రూపాయల సంగతిని "పంపిన సొమ్ము యాభై రూపాయలని కుటుంబంలో చెప్పుకుంటారు, కాగితంలో ఆ అంకె లేదు" అని వివరణలో రాశాను. మరునాడు ఆయన అత్తగారే ఫోను చేసింది. మనవరాలు ఎత్తిరాతను గట్టిగా చదివిందట, ఏడో వరుసలో బ్రాకెట్లతో సహా చిరిగినది అని చదివేసరికి ఆమె ఆపించిందట.

"అది చిరగలేదు సారూ, నేనే కోసిన. బడికి వొయ్యేటప్పుడు పోరలమందరం టికెట్లు జమ చేస్తుంటిమి. తీగ మీదికెళ్లి కాగితం తీసి కత్తెరతోని టికెట్టు కోసుకున్న. మా పెద్దనాయిన మస్తు కొట్టిండు. దాని ఎనక రాత ఉంటదని నాకేం తెలుసు."

ఇన్‌లాండ్ లెటర్‌కు టికెట్టు విడిగా అంటించేది కాదు, చిరునామా వైపు మూలలో అచ్చయి ఉంటుంది. కోస్తే ఆ మేరకు కాగితమే పోతుంది, దాని లోపలి వైపున్న రెండు వరుసల మొదళ్లు కూడా దానితోనే పోతాయి. తీగకు గుచ్చేటప్పుడు అంచు చిరిగి ఉంటుందని నేను అనుకున్నాను. తెల్లటి గుడ్డ మీద పెట్టి తీసిన ఫోటోలో కోసిన అంచు నేరుగా ఉందో లేదో కనిపించలేదు, చిరునామా వైపు ఫోటో నేను అడగనే లేదు. కాగితం లేదని మాత్రమే నాకు కనిపించింది. చిరిగినది అన్నది నా ఊహ, అది చదరపు బ్రాకెట్లలో కూర్చున్నందువల్ల నాకే ఊహలాగా కనిపించలేదు.

రెండో ప్రతిలో ఏడు, ఎనిమిది వరుసల మొదట [కాగితం లేదు] అని మార్చాను. టికెట్టు కోసం కత్తిరించిన సంగతిని ఆమె చెప్పినట్టుగా, చెప్పిన తేదీతో, కింద చేర్చాను. చిరునామా వైపు ఫోటో నల్లటి బట్ట మీద పెట్టి తీయించుకున్నాను. మూలలో కత్తెర గీత నేరుగానే ఉంది, దాని పక్కన అచ్చన్నపేట లాగా కనిపించే ఊరి పేరు ఉంది. అచ్చంపేట అని దిద్దకుండా అలాగే ఎత్తిరాశాను.